కాగితం మీద 2080, చేతికి 1800: కన్సల్టెంట్ల బిల్లబుల్ లక్ష్యాన్ని ఎలా నిర్ణయించాలి

కన్సల్టింగ్ బృందాన్ని నడిపేవారికి ఏడాది మొదట్లో పైనుంచి ఒక అంకె వస్తుంది: ఈసారి ప్రతి ఒక్కరి యుటిలైజేషన్, అంటే పని గంటల్లో క్లయింట్‌కు బిల్లు వేయదగిన వాటా, 80 శాతం ఉండాలి. ఆ 80 ఎలా వచ్చిందని అడిగితే, నిరుడు 76 వచ్చింది కాబట్టి అనో, మిగతా సంస్థల్లోనూ అంతే ఉంటుందట అనో జవాబు వస్తుంది. ఆ శాతాన్ని గంటల్లోకి మార్చి, ఒక మనిషి వారంలో అన్ని గంటలు క్లయింట్ పనికి ఇవ్వగలడా అని చూసినవారు మాత్రం సాధారణంగా కనిపించరు. ఇక్కడ చెప్పే పద్ధతిలో వరుస తారుమారవుతుంది. ముందు గంటలను లెక్కగడతాం, శాతం ఆ లెక్కలోంచి చివర్లో దానంతటదే తేలుతుంది. ఒక సీనియర్ కన్సల్టెంట్‌ను ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచి చివరిదాకా అతని గంటలనే వెంబడిద్దాం. వారానికి 5 రోజులు, రోజుకు 8 గంటల పని అనుకుందాం. మీ ఒప్పందంలో వారానికి 37.5 గంటలో 45 గంటలో ఉంటే అంకెలు మారుతాయి గానీ పద్ధతి మారదు.

మొదటి పని: హారం ఏదో రాసిపెట్టుకోండి

యుటిలైజేషన్ ఒక భిన్నం. లవంలో క్లయింట్‌కు బిల్లు వేయదగిన గంటలుంటాయి, ఆ విషయంలో పెద్దగా పేచీ రాదు. పేచీ అంతా హారంతోనే వస్తుంది. కొందరు ఏడాది మొత్తం పని గంటలతో, అంటే 52 వారాలను 40తో హెచ్చించగా వచ్చే 2080తో భాగిస్తారు. మరికొందరు సెలవులన్నీ తీసేశాక మిగిలిన గంటలతో భాగిస్తారు. రెండూ చెల్లుబాటయ్యే పద్ధతులే. కానీ ఆర్థిక విభాగం మొదటి హారంతో ఆలోచిస్తూ, ప్రాజెక్టు మేనేజర్ రెండో హారంతో ఆలోచిస్తూ, ఇద్దరూ ‘80 శాతం’ అనే ఒక్క మాటే వాడితే, వాళ్లు మాట్లాడుకుంటున్నది వేర్వేరు లక్ష్యాల గురించి. మన ఉదాహరణలో ఆ తేడా ఏడాదికి 224 గంటలు, అంటే 28 పని దినాలు.

నా సలహా ఏమిటంటే, బృందానికి లక్ష్యం పెట్టడానికి అందుబాటులో ఉన్న గంటలనే హారంగా తీసుకోండి. సెలవులో ఉన్న మనిషి సెలవులో ఉన్నందుకు యుటిలైజేషన్ పడిపోయినట్టు కనిపించడం ఆ మనిషి గురించిగానీ పని గురించిగానీ ఏమీ చెప్పదు. సంస్థ మొత్తం ఖర్చును అంచనా వేసేటప్పుడు 2080 హారం పనికొస్తుంది, ఎందుకంటే సెలవు రోజులకూ జీతం ఇస్తాం. ఏ నివేదికలో ఏది వాడారో శీర్షికలోనే కనబడాలి. ‘యుటిలైజేషన్’ అని ఊరికే రాసిన నిలువు వరుసను ఎవరికి తోచినట్టు వారు చదువుకుంటారు.

రెండో పని: క్యాలెండర్ నుంచి అందుబాటు గంటలకు రండి

2080 కూడా కచ్చితమైన అంకె కాదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా లెక్కేస్తే ఒక ఏడాదిలో 260 నుంచి 262 పని దినాలు ఉంటాయి కాబట్టి అది 2080కీ 2096కూ మధ్య కదులుతుంది. మొదటి అంచనాకు 2080 చాలు. అందులోంచి మూడింటిని తీసివేయాలి.

మొదటిది అందరికీ వర్తించే సెలవు దినాలు. మన ఉదాహరణలో 10 రోజులు, 80 గంటలు. రెండోది వార్షిక సెలవులు, 20 రోజులు, 160 గంటలు. ఇక్కడ నిరుడు ఎన్ని వాడుకున్నారో కాకుండా ఒప్పందం ప్రకారం ఎన్ని రావాలో అన్నీ తీయండి. నిరుడు ఒకరు 12 రోజులే తీసుకున్నారంటే అది చాలాసార్లు పని ఒత్తిడికి గుర్తు. దాన్ని ఈ ఏటి లెక్కకు ఆధారం చేసుకుంటే ఆ ఒత్తిడినే లక్ష్యంలో కలిపేసినట్టు అవుతుంది. మూడోది అనారోగ్యం వల్ల పోయే రోజులు. వీటికి మాత్రం పై సూత్రం వర్తించదు. ఎన్ని రోజులు హక్కుగా ఉన్నాయో కాదు, గత రెండు మూడేళ్లలో బృందం సగటున ఎన్ని రోజులు వాడుకుందో చూడాలి. మన ఉదాహరణలో 5 రోజులు, 40 గంటలు.

2080 నుంచి ఈ 280 గంటలు పోతే 1800 మిగిలాయి. అవి 225 రోజులు, అంటే 45 నిండు వారాలు. ఈ 45 అనే అంకెను గుర్తుంచుకోండి, తర్వాతి లెక్కలన్నింటికీ ఇదే పునాది. వారానికి ఇంత అని చెప్పే ఏ గంటనైనా 52తో కాకుండా 45తో హెచ్చించాలి. నేను తొలిసారి ఇలాంటి పట్టిక తయారుచేసినప్పుడు వారపు సమావేశాలను 52తో హెచ్చించి, సెలవుల్లో కూడా మనిషిని సమావేశాల్లో కూర్చోబెట్టాను. ఎవరూ గమనించలేదు, ఆరు నెలల తర్వాత నేనే పట్టుకున్నాను.

స్ప్రెడ్‌షీట్‌లో ఈ లెక్కను ఒక్కొక్కరికీ వారి సెలవు దినాల జాబితాతో వేయడానికి ఒక ఫార్ములా చాలు. A2లో మొదటి తేదీ, B2లో చివరి తేదీ, C2లో వార్షిక సెలవులూ అనారోగ్యపు రోజులూ కలిపి రాయండి:

```
=(NETWORKDAYS(A2,B2,Holidays!$A$2:$A$15)-C2)*8
```

సెలవు దినాల తేదీలను Holidays అనే వేరే షీట్‌లో పెడితే వారాంతంలో పడిన సెలవును ఫార్ములా రెండోసారి తీసివేయదు. వారాంతం శని, ఆదివారాలు కాని చోట్ల NETWORKDAYS.INTL వాడాలి. ఒక బృందంలోని వాళ్లు వేర్వేరు దేశాల్లో ఉంటే ఒక్కొక్కరికీ ఒక్కో జాబితా పెట్టండి, సగటు తీసి అందరికీ అంటగట్టకండి.

మూడో పని: బిల్లు వేయలేని గంటలను పేరు పేరునా రాయండి

అసలు కష్టం ఇక్కడే ఉంది. 1800 గంటలూ మనిషి కుర్చీలో ఉంటాడు, కానీ ఆ గంటలన్నీ క్లయింట్‌వి కావు. సంస్థ తానే ఆ మనిషిని వేరే పనులు అడుగుతుంది, లక్ష్యం పెట్టేటప్పుడు మాత్రం అడిగిన సంగతి మరిచిపోతుంది. అందుకే ‘ఇతరాలు 10 శాతం’ అని ఒక గీత గీసి వదిలేయకుండా, ఒక్కో పనికీ ఒక పేరు, ఒక కొలత, ఒక కారణం రాయాలి. కారణం రాయలేని పనిని రద్దు చేయవచ్చు. కారణం ఉన్న పనికి గంటలు కేటాయించక తప్పదు.

మన సీనియర్ కన్సల్టెంట్ విషయంలో జాబితా ఇలా తేలింది. బృంద సమావేశాలు, టైమ్‌షీట్ నింపడం, ఖర్చుల బిల్లులు పెట్టుకోవడం వంటివన్నీ కలిపి వారానికి 2 గంటలు, ఏడాదికి 90. శిక్షణకు 6 రోజులు, 48 గంటలు. ప్రపోజల్ రాయడానికి సహాయం చేయడం ఏడాదిలో నాలుగుసార్లు, ఒక్కోసారి 18 గంటలు, మొత్తం 72. కొత్తవారికి దారి చూపించడం వారానికి ఒక గంట, 45. పనితీరు సమీక్షలూ ఇంటర్వ్యూలూ కలిపి 25. ఇవన్నీ కలిపితే 280 గంటలు.

ఈ అంకెలను ఎక్కడి నుంచి తేవాలి? టైమ్‌షీట్‌లు మీ దగ్గరే ఉన్నా, నాన్ బిల్లబుల్ గంటల విషయంలో వాటిని అమాయకంగా నమ్మకండి. లక్ష్యం చేరకపోతే మాట పడాల్సి వచ్చే చోట, ఎవరూ ప్రపోజల్ మీద 18 గంటలు పట్టిందని రాయరు. 6 అని రాసి, మిగతా 12 ఇంట్లో రాత్రిపూట చేస్తారు, లేదా జరుగుతున్న ప్రాజెక్టు కోడ్‌లో కలిపేస్తారు. దీనికి ఒక మంచి ఉపాయం ఉంది. గత రెండు ప్రపోజల్‌లను ఎదురుగా పెట్టుకుని, వాటి మీద పనిచేసినవారితో అరగంట కూర్చుని, ‘ముసాయిదా ఎన్నిసార్లు తిరగరాశారు, క్లయింట్‌తో ఎన్ని కాల్స్ జరిగాయి, అంకెల పట్టిక ఎవరు కట్టారు’ అని పనులవారీగా అడగండి. ఎన్ని గంటలు పట్టిందని సూటిగా అడిగితే మనిషి తగ్గించి చెబుతాడు, ఏమేమి చేశారని అడిగితే నిజం బయటకు వస్తుంది.

నాలుగో పని: ప్రాజెక్టుల మధ్య ఖాళీని లెక్కలోకి తీసుకోండి

ఒక ప్రాజెక్టు శుక్రవారం ముగిసి, మరొకటి సోమవారమే మొదలవడం ప్రణాళికలో మాత్రమే జరుగుతుంది. నిజంలో ఒప్పందం మీద సంతకం ఆలస్యమవుతుంది, క్లయింట్ సిస్టమ్‌లోకి లాగిన్ రావడానికి నాలుగు రోజులు పడుతుంది, ప్రారంభ సమావేశం ఒక వారం వెనక్కి జరుగుతుంది. ఇది ఎవరి తప్పూ కాదు, ఈ వ్యాపారపు స్వభావం. కాబట్టి ఏడాదిలో ఎన్ని ప్రాజెక్టులు మారతారో, ఒక్కో మార్పుకు సగటున ఎన్ని రోజులు పోతాయో అంచనా వేయాలి. చిన్న చిన్న ప్రాజెక్టులు చేసే బృందానికి ఈ నష్టం ఎక్కువ, ఒకే క్లయింట్ దగ్గర ఏడాది పొడవునా ఉండేవారికి దాదాపు శూన్యం. ఒకే హోదాలో ఉన్న ఇద్దరికి వేర్వేరు లక్ష్యాలు ఉండాల్సిన సందర్భం ఇదొకటి.

మన ఉదాహరణలో ఏడాదికి ఐదు మార్పులు, ఒక్కోదానికి ఐదు రోజుల ఖాళీ ఉందనుకుందాం. ఇక్కడ ఒకే గంటను రెండుసార్లు తీసివేసే ప్రమాదం ఉంది. ఆ ఐదు రోజుల్లో మనిషి చేతులు ముడుచుకుని కూర్చోడు. శిక్షణో, ప్రపోజల్ పనో చేస్తాడు, వాటి గంటలను పైన ఇప్పటికే తీసేశాం. నా అనుభవంలో అయిదింట రెండు రోజులకు మించి అలా సద్వినియోగం కావు, ఎందుకంటే ఖాళీ ఎప్పుడు వస్తుందో ముందుగా తెలియదు, శిక్షణ తరగతి తేదీ మాత్రం ముందే ఖరారై ఉంటుంది. కాబట్టి ఒక్కో మార్పుకు నికరంగా 3 రోజులు, అంటే 24 గంటలు, ఐదు మార్పులకు 120 గంటలు తీద్దాం.

1800 నుంచి 280, తర్వాత 120 పోతే 1400 గంటలు మిగిలాయి. ఈ మనిషికి నిజాయితీగా పెట్టగల బిల్లబుల్ లక్ష్యం ఇదే. అందుబాటు గంటల మీద ఇది 77.8 శాతం, 2080 మీద 67.3 శాతం.

ఐదో పని: పైనుంచి వచ్చిన అంకెతో పక్కపక్కన పెట్టి చూడండి

ఇప్పుడు మొదట్లో వచ్చిన 80 శాతాన్ని తీసుకుందాం. అది 2080 మీద అనుకుంటే 1664 గంటలు. 45 వారాలకు పంచితే వారానికి 37 గంటలు. అంటే 40 గంటల వారంలో సమావేశాలకు, శిక్షణకు, ప్రపోజల్‌కు, కొత్తవారికి, ప్రాజెక్టుల మధ్య ఖాళీకి కలిపి 3 గంటలు మిగులుతాయి. ఏడాది మొత్తానికి ఆ మిగులు 136 గంటలు, కావాల్సింది 400. ఆ 264 గంటల లోటును పూడ్చాలంటే మనిషి ప్రతి వారం సుమారు 6 గంటలు అదనంగా, ఏడాది పొడవునా ఒక్క వారం కూడా తప్పకుండా పనిచేయాలి. అంటే 46 గంటల వారాన్ని 40 గంటల వారం అని పిలుస్తున్నామన్నమాట.

శాతాల గురించి వాదిస్తే చర్చ అభిప్రాయాల మీదికి పోతుంది. పైవారితో మాట్లాడేటప్పుడు ‘80 ఎక్కువ’ అనకండి, ‘ఈ లక్ష్యంలో వారానికి 3 గంటలే మిగులుతున్నాయి, ఈ జాబితాలో దేన్ని ఆపమంటారు’ అని అడగండి. జాబితా పేరు పేరునా ఉంటేనే ఆ ప్రశ్న అడగగలరు.

ఆరో పని: ఒక్కొక్కరికీ విడిగా వేసి బృందానికి కూడండి

హోదా పెరిగేకొద్దీ బిల్లబుల్ వాటా తగ్గుతుంది, ఎందుకంటే అమ్మకాలూ మనుషుల నిర్వహణా పెరుగుతాయి. ఏడుగురి బృందాన్ని తీసుకుందాం. ప్రాక్టీస్ హెడ్‌కు 630 గంటలు, ఇద్దరు మేనేజర్‌లకు తలా 1080, మన సీనియర్ కన్సల్టెంట్‌కు 1400, ఇద్దరు కన్సల్టెంట్‌లకు తలా 1480. ఏడో మనిషి ఏడాది మొదలైన నాలుగు నెలలకు చేరాడు కాబట్టి అతని అందుబాటు గంటలు 1200. అందులో తొలి రెండు నెలల 300 గంటల్లో పావు వంతే బిల్లు అవుతాయని, మిగతా 900లో 80 శాతమని అనుకుంటే మొత్తం 795. అందరివీ కలిపితే 12000 అందుబాటు గంటల్లో 7945 బిల్లబుల్ గంటలు, 66.2 శాతం.

‘అందరికీ 80’ అన్న సూత్రాన్ని ఇదే బృందానికి, అదీ అందుబాటు గంటల మీదనే, వర్తింపజేస్తే 9600 వస్తుంది. తేడా 1655 గంటలు. ఒక సీనియర్ కన్సల్టెంట్ ఏడాది అంతా చేసే బిల్లబుల్ పని కంటే ఎక్కువ. లేని మనిషి ఒకడు ఆదాయపు అంచనాలో జీతం లేకుండా పనిచేస్తున్నట్టు లెక్క.

సగం వేళ పనిచేసేవారి విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుదాం. వారానికి 20 గంటలు పనిచేసే సీనియర్ కన్సల్టెంట్‌కు 1400లో సగం 700 అని పెట్టేస్తారు. అందుబాటు గంటలు సగమవుతాయి, 900. కానీ వారపు సమావేశం సగం కాదు, అందరితో పాటు ఆమె కూడా పూర్తిగా కూర్చోవాలి, టైమ్‌షీట్ నింపాలి, అదే 90 గంటలు. శిక్షణ కోర్సు ఆమెకు సగం నిడివిలో జరగదు, అదే 48. సమీక్షలకు అదే 25. ప్రపోజల్‌లు రెండే కాబట్టి 36, ఖాళీ 60. కొత్తవారికి దారి చూపే బాధ్యత ఆమెకు అసలు ఇవ్వలేదనుకున్నా 641 గంటలే మిగులుతాయి, అంటే 71.2 శాతం. 700 లక్ష్యం పెట్టి ఏడాది చివర ఆమె వెనకబడిందని రాస్తే, ఆ 59 గంటలు మీ భాగహారం తప్పిదమే తప్ప ఆమె పని లోపం కాదు.

ఏడో పని: నెలల వారీగా పంచండి, సమానంగా మాత్రం కాదు

1400ని 12తో భాగించి నెలకు 117 అని పెట్టడం సులువు, కానీ ఆ అంకె నెలనెలా అబద్ధం చెబుతుంది. 23 పని దినాలుండి ఒక్క సెలవు కూడా లేని నెలలో అందుబాటు గంటలు 184. అందులో 77.8 శాతం 143. మరో నెలలో 20 పని దినాలే ఉండి, మూడు సెలవు దినాలు, ఆరు రోజుల వార్షిక సెలవు పడితే మిగిలేవి 11 రోజులు, 88 గంటలు, లక్ష్యం 68. సమాన పంపకంలో మొదటి నెల 122 శాతం విజయంగా, రెండో నెల 58 శాతం వైఫల్యంగా కనిపిస్తాయి, నిజానికి రెండు నెలల్లోనూ మనిషి ప్రణాళిక ప్రకారమే నడిచాడు. మొదటి నెలలో అనవసరపు మెప్పు, రెండో నెలలో అనవసరపు సంజాయిషీ. కాబట్టి ఏడాదంతా స్థిరంగా ఉంచాల్సింది శాతాన్ని, గంటలను కాదు. ఆ నెల అందుబాటు గంటలను ఆ శాతంతో హెచ్చించి నెల లక్ష్యం పెట్టండి.

ఎనిమిదో పని: ఆదాయపు అవసరంతో పోల్చండి

ఇప్పటిదాకా ఎన్ని గంటలు ఇవ్వగలమో చూశాం. ఎన్ని గంటలు కావాలో వేరే వైపు నుంచి లెక్కగట్టాలి. బృందం ఏడాది ఖర్చుకు అనుకున్న లాభాన్ని కలిపి, గంట రేటుతో భాగిస్తే బిల్లు కావాల్సిన గంటలు వస్తాయి. మన బృందానికి అవి 7900 అనుకోండి. 7945 ఇవ్వగలమని తేలింది కాబట్టి సరిపోయిందని సంబరపడే ముందు ఒక మెట్టు మిగిలి ఉంది. చేసిన బిల్లబుల్ గంటలన్నింటికీ పూర్తి రేటు రాదు. తగ్గింపులుంటాయి, కొన్ని గంటలను బిల్లులోంచి కొట్టేస్తారు, స్థిర ధర ప్రాజెక్టులో అంచనా మించిన గంటలకు పైసా రాదు. చేసిన పనిలో చేతికి వచ్చిన వాటానే రియలైజేషన్ అంటారు. అది 94 శాతం అయితే 7945 గంటలు 7468 గంటల విలువే తెస్తాయి. 432 గంటల లోటు.

ఈ లోటును చూసి శాతాన్ని పెంచేయాలని చేయి దురద పెడుతుంది. ఆపుకోండి. శాతం పెంచితే గంటలు పుట్టవు. నిజంగా కదిలించగలవి మూడున్నాయి. రేటును సుమారు 6 శాతం పెంచితే లోటు పూర్తిగా తీరుతుంది. నాన్ బిల్లబుల్ జాబితాలో ఏదైనా తీసేయవచ్చు, వారపు సమావేశాల్లో ఒక గంట తగ్గిస్తే బృందం మొత్తం మీద దాదాపు 300 గంటలు విడుదలవుతాయి. అయితే వాటిని కొనే క్లయింట్ ఉంటేనే అవి బిల్లబుల్ అవుతాయి, లేకపోతే సమావేశం స్థానంలో ఖాళీ వస్తుంది, అంతే. ఈ రెండూ కుదరకపోతే ఆదాయపు అంచనానే తగ్గించాలి. అది చేదు మాటే గానీ, ఏడాది మొదట్లో చెబితే ఒక సమావేశంతో పోతుంది.

లక్ష్యం తప్పుగా ఉందని ఎలా తెలుస్తుంది

లక్ష్యం మరీ ఎక్కువైతే యుటిలైజేషన్ నివేదిక పడిపోదు, విచిత్రంగా బాగుపడుతుంది. గంటలు ఎక్కడో ఒకచోట దాక్కుంటాయి. ప్రపోజల్ గంటలు టైమ్‌షీట్‌లో దాదాపు మాయమవుతాయి, శిక్షణ నెలల తరబడి సున్నా ఉంటుంది, నెల చివరి రెండు రోజుల్లో ప్రాజెక్టు కోడ్‌ల మీద గంటలు హఠాత్తుగా పెరుగుతాయి, ప్రతి రోజూ అచ్చంగా 8.0 గంటలే కనిపిస్తాయి. అన్నింటికంటే నమ్మదగిన గుర్తు వేరొకటుంది: యుటిలైజేషన్ పెరుగుతూ రియలైజేషన్ తగ్గుతుంటే, బిల్లు కాని గంటలను ప్రాజెక్టుల్లోకి తోస్తున్నారని అర్థం. 300 గంటలకు ధర కుదిరిన ప్రాజెక్టు మీద 380 గంటలు పడితే, ఆ 80 గంటలూ యుటిలైజేషన్‌లో గొప్పగా కనిపిస్తాయి, ఆదాయంలో మాత్రం కనిపించవు. అందుకే ఈ రెండు అంకెలనూ ఎప్పుడూ ఒకే పేజీలో చూడండి.

అదనపు గంటల విషయంలో కూడా ఒక నియమం కావాలి. మనిషి 50 గంటలు పనిచేస్తే 50 గంటలూ రాయమనండి, హారం మాత్రం ఒప్పందపు 40 గంటలే ఉంచండి. అప్పుడు క్లయింట్ పని 42 గంటలుంటే ఆ వారం 105 శాతం చూపిస్తుంది. 100 దాటిన అంకె అందంగా ఉండదని 100 దగ్గర కత్తిరించే సంస్థలున్నాయి. అది జ్వరం చూపించే థర్మామీటర్‌ను విరగ్గొట్టడం లాంటిది.

మూడు నెలలకోసారి తిరిగి చూడండి

మన సీనియర్ కన్సల్టెంట్ తొలి త్రైమాసికంలో 54 రోజులు, 432 గంటలు అందుబాటులో ఉన్నాడు. లక్ష్యం 336, చేసినవి 301. లోటు 35 గంటలు. అతన్ని పిలిచి కారణం అడిగే ముందు నాన్ బిల్లబుల్ గంటలను ప్రణాళికతో పోల్చండి. ప్రణాళికలో 96 ఉంటే నిజంగా 131 అయ్యాయి. 35లో 24 గంటలు ఒక క్లయింట్ ఒప్పందం అనుకున్నదానికంటే మూడు రోజులు ఆలస్యమవడం వల్ల పోయాయి, 11 గంటలు ఒక ప్రపోజల్‌కు అదనంగా పట్టాయి. మొదటిది అతని చేతిలో లేదు, రెండోది మీరే అడిగిన పని.

ఆ 35 గంటలను మిగిలిన తొమ్మిది నెలల మీద పంచి లక్ష్యం పెంచకండి. రాబోయే నెలల్లో అతనికి 1368 అందుబాటు గంటలున్నాయి, 77.8 శాతం చొప్పున 1064 వస్తాయి. అయిపోయిన 301 కలిపితే ఏడాదికి 1365. ఈ కొత్త అంచనాను ఆర్థిక విభాగానికి ఆ వారమే పంపండి. ప్రపోజల్‌కు ఇకపై 18 బదులు నిజంగా పడుతున్న గంటలను పట్టికలో మార్చండి. ఒప్పందాల ఆలస్యం మిగతావారి త్రైమాసికంలో కూడా కనబడితే, ప్రాజెక్టుల మధ్య ఖాళీని 3 రోజుల నుంచి 4కు మార్చాలా అని చూడండి. ఆ ఒక్క రోజు ఏడాదికి ఒక్కొక్కరి మీద 40 గంటలు తగ్గిస్తుంది.